మానేసిన పిలగాడిని పేజీలోంచి తీసే ముందు

ప్రశ్న: అన్నా, హనుమకొండలో మాకు చీరల షాపు ఉంది. మూడేళ్లుగా మా ఫేస్‌బుక్ పేజీ చూసిన పిలగాడు పోయిన నెల మానేసి వేరే షాపులో చేరిండు. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతదా? నేను కూడా అడ్మిన్‌నే అనుకుంటున్నా. అతన్ని తీసేస్తే పేజీకి ఏమన్నా అయితదా? బతుకమ్మ సీజన్ ముందర టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరిపోదు అన్నా. పేజీకి పాస్‌వర్డ్ అనేది ఉండదు. ఎవరి సొంత ఫేస్‌బుక్ ఐడీతో వాళ్లు లోపలికి వస్తారు, ఆ ఐడీకి పేజీ మీద ఎంత హక్కు ఇచ్చారో అంతవరకే పనిచేస్తారు. మీ పాస్‌వర్డ్ మారిస్తే మీ ఐడీకి తాళం పడుతుంది, అంతే. అతని తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. అతని పేరును పేజీ జాబితాలోంచి తీయాలి. తీస్తే పేజీకి ఏమీ కాదు. అతను పెట్టిన పోస్టులు, ఫొటోలు, కస్టమర్ల మెసేజ్‌లు, ఫాలోవర్లు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, ఎందుకంటే అవి పేజీ పేరు మీద పడ్డవి, అతని పేరు మీద కాదు.

కానీ ఇవాళే పోయి తీసేయకండి. ముందు మీ వైపు రెండు ఐడీలకు పూర్తి కంట్రోల్ ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే అతని పేరు మీద చెయ్యి వేయండి. వరంగల్, కరీంనగర్ వైపు చిన్న షాపుల పేజీలు చూసుకోవడమే పదేళ్లుగా నా పని. పేజీ పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది పిలగాడిని తీయడం మర్చిపోయినవాళ్లు కాదు, తీసే తొందరలో వరుస తప్పినవాళ్లు.

మీరు "అడ్మిన్‌నే అనుకుంటున్నా" అన్నారు కదా, మొదట తేల్చుకోవాల్సింది అదే. పాత రోజుల్లో పేజీకి అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్, అడ్వర్టైజర్, అనలిస్ట్ అని ఐదు రోల్స్ ఉండేవి. ఇప్పటి పేజీల్లో ఆ పేర్లు లేవు, మనమే నోటి అలవాటుకి అడ్మిన్ అంటున్నాం. ఇప్పుడున్నది రెండు రకాల ప్రవేశం. ఒకటి Facebook access. ఇది ఉన్నవాళ్లు తమ ఐడీలోంచి పేజీలోకి మారి, షాపు పేరుతోనే ఫేస్‌బుక్ అంతా తిరగగలరు. ఇందులో మళ్లీ రెండు మెట్లు. పూర్తి కంట్రోల్ ఉన్నవాళ్లు ఇంకొకరిని చేర్చగలరు, ఎవరినైనా తీసేయగలరు, పేజీనే డిలీట్ చేయగలరు. పాక్షిక కంట్రోల్ ఉన్నవాళ్లు పోస్టులు వేయగలరు, మెసేజ్‌లకు జవాబు ఇవ్వగలరు, యాడ్స్ నడపగలరు, కానీ మనుషులను చేర్చడం, తీయడం వాళ్ల చేతిలో ఉండదు.

రెండోది task access. వీళ్లు పేజీలోకి మారలేరు. బిజినెస్ సూట్, యాడ్స్ మేనేజర్ లాంటి చోట్ల నుంచి, మీరు టిక్ పెట్టిన పని మాత్రమే చేస్తారు. పోస్టులకు టిక్ పెడితే పోస్టులు, మెసేజ్‌లకు పెడితే మెసేజ్‌లు. నిజానికి జీతానికి పెట్టుకున్న మనిషికి ఇంతకు మించి అక్కర లేదు. మన దగ్గర మాత్రం అందరికీ పూర్తి కంట్రోలే ఇస్తారు. పేజీ తెరిచిందే ఆ పిలగాడైతే, ఓనరుకు ఇవ్వాల్సింది అతను కాబట్టి, కథ ఇంకా తలకిందులుగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం చాలామందికి నమ్మబుద్ధి కాదు. పూర్తి కంట్రోల్ ఉన్నవాళ్లలో పెద్దా చిన్నా లేదు. పేజీ మొదట తెరిచినవాడు, షాపు ఓనరు, తర్వాత చేరినవాడు ముగ్గురూ సమానమే. మీరు అతన్ని తీయగలిగినట్టే అతనూ మిమ్మల్ని తీయగలడు. షాపు లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ఆ తెరకు తెలియదు.

నేను దీన్ని దెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కింద కరీంనగర్‌లో ఒక ఫర్నిచర్ షాపాయన ఫోన్ చేసి, "మా పిలగాడు మానేసిండు, పేజీలోంచి తీసెయ్" అన్నాడు. షాపులోనే కూర్చుని, ఆయన ఫోన్ తీసుకుని, జాబితా తెరిచాను. నాలుగు పేర్లు కనిపించాయి. ఓనరు, ఆ పిలగాడు, అంతకు ముందు యాడ్స్ చేసిన ఏజెన్సీ మనిషి, నాలుగోది షాపు పేరుతోనే ఉన్న ఒక ఐడీ. షాపు పేరుతో ఉంది కదా, షాపుదే అనుకున్నాను. ఓనరూ తల ఊపాడు. పిలగాడి పేరు తీసేసి, చాయ్ తాగుతూ కూర్చున్నాం. చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఓనరు ఫోన్‌లోంచి పేజీ మాయమైంది. ఆ నాలుగో ఐడీ పిలగాడు తన రెండో నంబరుతో చేసుకున్నది. అతను దాంట్లోంచి వచ్చి మొదట ఓనరును, ఆ తర్వాత ఏజెన్సీ మనిషిని తీసేశాడు. మా వైపు ఇంకొక్క ఐడీ కూడా లేదు. తప్పు నాదే. ఎవరిదో తేలని పేరు జాబితాలో ఉండగా తెలిసిన పేరును తీశాను.

ఆ పేజీ మళ్లీ వచ్చింది కానీ ఫేస్‌బుక్ వల్ల కాదు. పిలగాడికి రెండు నెలల జీతం బాకీ ఉందట, ఆ సంగతి ఓనరు నాకు చెప్పలేదు. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన మధ్యలో కూర్చుని లెక్క తేల్చాక, అతనే ఓనరును మళ్లీ చేర్చాడు. అందుకే ఇప్పుడు నేను ఎవరికైనా వేసే మొదటి ప్రశ్న, "అతనికి ఏమన్నా పైసలు ఇచ్చేది ఉందా?" అని. ఉంటే ముందు అది ఇచ్చేయండి. సగం గొడవలు సెట్టింగ్స్ దాకా రాకుండానే ఆగిపోతాయి.

ఇక మీ పని. ఒక సాయంత్రం షాపు కట్టేశాక గంట సేపు పెట్టుకోండి. ఫోన్ కంటే ల్యాప్‌టాప్ మీద నయం, పేర్లన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి.

మొదలు మీ సొంత ఐడీ నుంచే. మన షాపుల్లో ఓనరు ఫేస్‌బుక్ ఐడీ కూడా ఆ పిలగాడే తెరిచి ఉంటాడు, తన ఈమెయిలో తన నంబరో పెట్టి. అలా ఉంటే మీరు అతన్ని పేజీలోంచి ఎన్నిసార్లు తీసినా, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కి మీ ఐడీతోనే లోపలికి వస్తాడు. మీ ఐడీలో Accounts Center తెరవండి. అందులో Personal details దగ్గర ఉన్న నంబర్లు, ఈమెయిల్‌లు మీవేనా చూడండి. మీది కానిది ఉంటే ముందు మీ నంబరు చేర్చి, ఓటీపీతో ఖాయం చేసుకుని, ఆ తర్వాత పాతది తీయండి. తర్వాత Password and security లోకి పోయి, Where you're logged in చూస్తే ఏయే ఫోన్లలో మీ ఐడీ తెరిచి ఉందో కనిపిస్తుంది. మీ ఫోన్ కాని వాటన్నిటినీ లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, Two-factor authentication ఆన్ చేయండి. మీరు అడిగిన పాస్‌వర్డ్ మార్పు పనికొచ్చేది ఇక్కడ.

తర్వాత జాబితా చూడండి, కానీ ఏమీ ముట్టుకోకండి. పై మూల ప్రొఫైల్ ఫొటో నొక్కి మీ పేజీలోకి మారండి. అక్కడి నుంచి Settings & privacy, దాంట్లో Settings, దాంట్లో Page setup, అక్కడ Page access. మెనూల చోట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి. కనపడకపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతికే పెట్టెలో Page access అని కొట్టండి. మీరు పేజీలోకి మారలేకపోతున్నా, అక్కడ మనుషులను చేర్చే బటన్ మీకు కనిపించకపోయినా, మీకు పూర్తి కంట్రోల్ లేనట్టే. అప్పుడు ఇక్కడే ఆగి, పూర్తి కంట్రోల్ లేకపోతే ఏం చేయాలో కింద చివర్లో రాసింది చదవండి.

కనిపించిన ప్రతి పేరును కాగితం మీద రాసుకోండి. పక్కన ఆ మనిషి ఎవరో, అతనికి పూర్తి కంట్రోలా పాక్షికమా, రాయండి. షాపు పేరుతోనో, దేవుడి ఫొటోతోనో ఉన్న ఐడీ ఎవరిదో తేలేదాకా అది అతనిదే అనుకోండి.

మూడోది, మీ ఇంటి మనిషిని చేర్చండి. మీ భార్య, తమ్ముడు, కొడుకు ఎవరైనా సరే, రోజూ వాడే నిజమైన ఐడీ ఉండాలి. కొత్తగా తెరిచిన ఐడీ పనికిరాదు, ఫేస్‌బుక్ అలాంటివాటిని తొందరగా అనుమానించి ఆపేస్తుంది. People with Facebook access పక్కన Add New నొక్కి, పేరు ఎంచుకుని, Allow this person to have full control దగ్గర స్విచ్ ఆన్ చేసి పంపండి. అది మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. పంపగానే పని అయిపోలేదు. అవతలివాళ్లు తమ ఫోన్‌లో దాన్ని ఒప్పుకోవాలి. వాళ్లు పేజీలోకి మారి చూసి, Page access తెర వాళ్లకు తెరుచుకుంటే అప్పుడు లెక్క. వాళ్ల ఐడీకి కూడా టూ ఫ్యాక్టర్ పెట్టించండి. ఈ రెండో ఐడీ పిలగాడి కోసమే కాదు. రేపు ఏ కారణం చేతనైనా మీ ఐడీని ఫేస్‌బుక్ ఆపేస్తే, పేజీలోకి పోయే దారి ఉండాలి కదా.

అప్పుడు తీయండి, తెలియని పేర్లతో మొదలుపెట్టి. పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి, తీసేసేది ఎంచుకుంటే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదట గుర్తుపట్టని ఐడీలు, తర్వాత పాత ఏజెన్సీ ఉంటే అది, చివరన ఆ పిలగాడు. అన్నీ ఒకే కూర్చుండడంలో, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. ఒకటి తీసి, మిగతాది రేపు చూద్దాం అనుకోకండి. ఆ జాబితాలోనే ఇంకా ఒప్పుకోని ఆహ్వానాలు మిగిలి ఉంటే వాటిని కూడా రద్దు చేయండి. తన ఇంకో ఐడీకి ముందే పంపి పెట్టుకుంటే, తీసిన మర్నాడు దాన్ని ఒప్పుకుని లోపలికి రావొచ్చు.

ఇంతటితో సగం షాపులకు పని పూర్తవుతుంది. మిగతా సగానికి ఇంకో తలుపు ఉంటుంది. దాని పేరు బిజినెస్ పోర్ట్‌ఫోలియో, ఇదివరకు బిజినెస్ మేనేజర్ అనేవాళ్లు. పేజీ, ఇన్‌స్టాగ్రామ్, యాడ్ అకౌంట్ అన్నిటినీ ఒక మూటగా కట్టి పెట్టేది ఇది. యాడ్స్ నడిపిన పిలగాడైతే దీన్ని తెరిచే ఉంటాడు. పోర్ట్‌ఫోలియో ద్వారా ఇచ్చిన హక్కును పోర్ట్‌ఫోలియోలోనే తీయాలి. పేజీ జాబితాలో పేరు పోయినా అది అటు నుంచి బతికే ఉంటుంది. business.facebook.com/settings తెరిచి Users కింద People చూడండి, అతను ఉంటే తీయండి. Partners కూడా చూడండి, ఏజెన్సీలు దాక్కునే చోటు అదే.

అసలు చిక్కు, ఆ పోర్ట్‌ఫోలియో మీది కాకుండా అతనిదైతే. ఒక పేజీకి ఓనరుగా ఒక్క పోర్ట్‌ఫోలియోనే ఉంటుంది, దాంట్లోంచి పేజీని బయటికి తీసేది ఆ పోర్ట్‌ఫోలియోలో పూర్తి కంట్రోల్ ఉన్నవాళ్లు. అంటే అతను. నర్సంపేటలో ఒక రెడీమేడ్ షాపుకు ఇలాగే అయితే, పిలగాడిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, అతని ల్యాప్‌టాప్‌లోనే Accounts కింద Pages లో ఆ పేజీని అతని చేతనే తీయించాం. ముప్పావు గంట పట్టింది, అందులో అరగంట అతని పాస్‌వర్డ్ గుర్తుకు రావడానికే. మంచిగా మానేసిన మనిషైతే ఇదే తేలిక దారి. కాబట్టి మీ పిలగాడితో మాటలు ఉన్నప్పుడే, తీసే ముందే, "మన పేజీ నీ బిజినెస్ అకౌంట్‌లో ఏమన్నా పెట్టినవా?" అని అడిగేయండి. తీసేశాక అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

పైసల సంగతి విడిగా చెప్పాలి. పేజీ వేరు, యాడ్ అకౌంట్ వేరు. అతను తన సొంత యాడ్ అకౌంట్‌లోంచి మీ యాడ్స్ నడిపి, అందులో మీ కార్డు పెట్టి ఉంటే, పేజీలోంచి తీసినా ఆ కార్డు అక్కడే ఉంటుంది. నర్సంపేట షాపులో యూపీఐతో ముందే వేసిన 3,200 రూపాయలు పిలగాడి యాడ్ అకౌంట్‌లో మిగిలి ఉన్నాయి. తిరిగి రాబట్టే తంటా పడకుండా, నాలుగు రోజులు ఆగి, ఆ పైసలతోనే షాపు ఆఫర్ యాడ్ నడిపించి, ఖాళీ అయ్యాక తీశాం. మీది కార్డు అయితే అతని ముందే దాన్ని తీయించండి. అతను దొరక్కపోతే బ్యాంకుకు చెప్పి ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడం నయం.

ఇన్‌స్టాగ్రామ్‌కు మాత్రం మన దగ్గర షాపంతటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, కాబట్టి అక్కడ పాస్‌వర్డ్ మార్చడమే మందు. మార్చే ముందు దాంట్లో ఉన్న నంబరు, ఈమెయిల్ మీవేనా చూసుకోండి, మార్చేటప్పుడు మిగతా ఫోన్లలో లాగౌట్ చేయమని ఎంచుకోండి. షాపు వాట్సాప్‌లో Linked devices తెరిచి, తెలియని కంప్యూటర్లను తీసేయండి. మానేసిన మనిషి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కూర్చుని మీ కస్టమర్లు పంపే చీరల ఫొటోలు చూస్తుండే చోటు ఇదే. పేజీ గురించి టెన్షన్ పడేవాళ్లు దీన్ని ఎందుకో పట్టించుకోరు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు కూడా అతనే పెట్టి ఉంటే, అక్కడి లెక్క కొంచెం వేరు. దాంట్లో ప్రైమరీ ఓనర్ ఒక్కరే ఉంటారు, ఆ హోదాను అతను మీకు బదిలీ చేయాలి. కొత్తగా చేరిన ఓనరు మొదటి 7 రోజులు వేరేవాళ్లను తీయలేరు, ప్రైమరీ హోదా తీసుకోలేరు. సద్దుల బతుకమ్మ వారంలో మొదలుపెడితే పండుగ అయిపోయాకే తేలుతుంది, అందుకని దాన్ని ఇప్పుడే కదిలించండి.

మీకు పూర్తి కంట్రోల్ లేదని తేలితే మీ చేతిలో ఉన్న బటన్ ఏదీ పనిచేయదు. అతనే మిమ్మల్ని చేర్చాలి. కోపంగా ఫోన్ చేయకండి, అతని వేలి దూరంలో డిలీట్ బటన్ ఉంది. డిలీట్ మొదలుపెట్టినా 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు కానీ, అది కూడా పూర్తి కంట్రోల్ ఉన్నవాళ్లే చేయాలి. మెల్లగా అడగండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. షాపు పేరు మీద ఉన్న జీఎస్టీ కాగితం, అతనికి జీతం పంపిన రుజువులు, పేజీ గురించి మీ ఇద్దరి మధ్య నడిచిన మెసేజ్‌లు ఒక చోట పెట్టుకోండి. ఫేస్‌బుక్‌కు రాసినా, పోలీసుల దగ్గరికి పోయినా మొదట అడిగేవి అవే. అతను పేజీలో మీ పేరుతో కస్టమర్ల దగ్గర పైసలు వసూలు చేస్తున్నట్టు కనిపిస్తే మాత్రం ఆగకండి. 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఉత్తగా పేజీ ఇవ్వట్లేదు అనే గొడవకు ఆ నంబరు కాదు, అది పైసలు పోయినప్పుడు చేసేది.

కొత్తగా పెట్టుకునే మనిషికి task access చాలు. పోస్టులు, మెసేజ్‌లు టిక్ పెట్టి ఇవ్వండి. "లైవ్ పెట్టాలి, పేజీలోకి మారాలి" అంటే Facebook access ఇవ్వండి కానీ, పూర్తి కంట్రోల్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి. "ఇది లేకపోతే పని కాదు" అని ఎవరన్నా అంటే, ఏ పని కావట్లేదో మీ ముందు చూపించమనండి. నాకు ఇప్పటిదాకా రోజువారీ పనుల్లో అలాంటిది ఒక్కటీ ఎవరూ చూపించలేదు.

మీరు Page access తెరిచాక అక్కడ ఎన్ని పేర్లున్నాయో, ఎవరి పక్కన ఏం రాసి ఉందో ఇక్కడ రాయండి. పేర్లు వద్దు, "నేను, పిలగాడు, తెలియని ఐడీ" అని రాస్తే చాలు. ఏది ముందు తీయాలో చూసి చెప్తా.